సాదేటోణ్ణి నేనే: ముతకల్లిమా, గాయిబా?

ఇంగ్లీషులో ఒక చిన్న సవాల్ ఉంది. ‘ఐ యామ్ ద వన్ హూ’ అని మొదలుపెట్టాక తర్వాత ‘యామ్’ రావాలా, ‘ఈజ్’ రావాలా? మాట్లాడేది నేనే కాబట్టి ‘యామ్’ అనాలని మనసు చెబుతుంది. చెవికి మాత్రం ‘ఈజ్’ బాగుంటుంది. ‘యామ్’, ‘ఈజ్’ మాత్రమే కాదు, ‘హ్యావ్’ రావాలా ‘హ్యాజ్’ రావాలా, ‘పే’ అనాలా ‘పేస్’ అనాలా అన్నవన్నీ ఇదే సవాల్‌కి వేరే వేరే వేషాలు. గ్రామర్ పుస్తకంలో ఇది ఒక మూలన ఉంటుంది, పరీక్షలో అర మార్కుకి వస్తుంది, అంతే అనుకుంటాం. కానీ మన ఇళ్లలో, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఒకే దస్తర్ఖాన్ మీద కూర్చునే చోట, ఈ సవాల్ కాగితాల్లోకి వచ్చి కూర్చుంటుంది. పెద్దపల్లిలో మా ఖాన్‌దాన్‌లో ఒక దరఖాస్తు దీనివల్లే నెల రోజులు ఆగింది. ఆ కథ చెప్పేముందు ఖాయిదా ఏమిటో చూద్దాం.

మదర్సాలో కొంచెం అరబీ సర్ఫ్-నహ్వ్ చదివినవాళ్లకి, ఉర్దూ మీడియంలో ఖవాయిద్ చదివినవాళ్లకి మూడు మాటలు గుర్తుంటాయి. మాట్లాడేవాడు ముతకల్లిమ్. ఎదురుగా ఉండి వినేవాడు హాజిర్. అక్కడ లేని మూడోవాడు గాయిబ్. తెలుగు వ్యాకరణం వీటినే ఉత్తమ పురుష, మధ్యమ పురుష, ప్రథమ పురుష అంటుంది. ఇక్కడ చాలామంది తికమకపడతారు, ఎందుకంటే ఇంగ్లీషువాళ్ల ‘ఫస్ట్ పర్సన్’ మన ప్రథమ పురుష కాదు. ఇంగ్లీషువాళ్ల లెక్క ‘నేను’తో మొదలవుతుంది, మన లెక్క ‘వాడు’తో మొదలవుతుంది. అందుకే ఈ వ్యాసంలో ముతకల్లిమ్, హాజిర్, గాయిబ్ అనే అంటాను. గందరగోళం ఉండదు.

ఇప్పుడు ‘ఐ యామ్ ద వన్ హూ’ అన్న జుమ్లాని విప్పి చూడండి. ఇందులో రెండు ఫేళ్లు (క్రియలు) ఉంటాయి. మొదటిది ‘యామ్’. దాని యజమాని ‘ఐ’, అంటే ముతకల్లిమ్. దాంట్లో ఝగడా లేదు. రెండోది ‘హూ’ తర్వాత వచ్చే ఫేల్. దాని యజమాని ‘హూ’. ఆ ‘హూ’ సొంత ముఖం లేని మాట. తన ముందున్న ఏ మాటని పట్టుకుని వేలాడుతుందో దాని ముఖమే దాని ముఖం. ఇక్కడ ‘హూ’ పక్కనే ఉన్నది ‘ద వన్’, అంటే ‘ఆ మనిషి’. ఆ మనిషి గాయిబ్. కాబట్టి ఫేల్ కూడా గాయిబ్‌దే రావాలి: ‘ఐ యామ్ ద వన్ హూ ఈజ్’, ‘ఐ యామ్ ద వన్ హూ హ్యాజ్’, ‘ఐ యామ్ ద వన్ హూ పేస్’.

అదే ‘హూ’ని తిన్నగా ‘ఐ’ పక్కన పెడితే లెక్క మారిపోతుంది. ‘ఇట్ ఈజ్ ఐ హూ’ అన్నప్పుడు ‘హూ’ పట్టుకున్నది ‘ఐ’ని. మధ్యలో ‘ద వన్’ అనే మూడోమనిషి లేడు. అందుకని అక్కడ ‘ఇట్ ఈజ్ ఐ హూ యామ్’ అనే రాయాలి. ‘ఐ, హూ యామ్ హిజ్ బ్రదర్’ అన్నప్పుడూ అంతే. వినడానికి బిగుసుకుపోయినట్టు ఉంటుంది కాబట్టి మాటల్లో ఇంగ్లీషువాళ్లు ‘ఇట్స్ మీ హూ ఈజ్’ అనేస్తారు. కాగితం మీద రాసేటప్పుడు మాత్రం ఆ రెండింట్లో ఒకటి తేల్చుకోవాలి.

గుర్తుపట్టే ఉపాయం ఒకటి ఉంది. జుమ్లాని తిరగేయండి. ‘ఐ యామ్ ద వన్ హూ పేస్ ద ఫీజ్’ అన్నదాన్ని ‘ద వన్ హూ పేస్ ద ఫీజ్ ఈజ్ మీ’ అని చదవండి. ఇక్కడ ‘ద వన్ హూ పే’ అని ఎవరి నోటా రాదు. తిరగేసినప్పుడు ఏది నోటికొస్తుందో, తిరగేయకముందూ అదే సరైనది. జుమ్లా ముందు ‘ఐ’ ఉండి మనల్ని లాగుతుంది కాబట్టే ‘హూ యామ్’ అనాలనిపిస్తుంది. తిరగేస్తే ఆ ‘ఐ’ చివరికి పోతుంది, లాగుడు ఆగిపోతుంది.

ఈ సవాల్ ఎప్పుడూ కనిపించదు, అదో తమాషా. ‘ఐ యామ్ ద వన్ హూ పెయిడ్’ అన్నప్పుడు ‘పెయిడ్’ ఎవరికైనా ఒకటే. ‘హూ వజ్’ అన్నా అంతే, ముతకల్లిమ్‌కీ గాయిబ్‌కీ ‘వజ్’ ఒకటే. ‘హూ విల్ పే’ అన్నా అంతే. కాబట్టి ఇప్పటి సంగతి చెప్పేటప్పుడూ, ‘హ్యావ్’, ‘హ్యాజ్’ వచ్చేటప్పుడూ మాత్రమే ఇది బయటపడుతుంది. పిల్లలకి నేర్పేటప్పుడు ఆ రెండు చోట్లే వేలు పెట్టి చూపించండి, చాలు.

ఇక మన ఇంటి జుబాన్‌లు ఈ సవాల్‌కి ఏ జవాబ్ ఇస్తాయో చూద్దాం.

ఉర్దూలో ‘హూ’కి బదులు ‘జో’ ఉంది. ‘మైఁ హీ హూఁ జో ఇన్ బచ్చోఁ కో పాల్ రహా హూఁ’ అంటాం. చివర ‘హూఁ’ వచ్చింది, ముతకల్లిమ్‌ది. ఇంగ్లీషు ఖాయిదా ఇక్కడ పెట్టి ‘పాల్ రహా హై’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. మధ్యలో ‘వో శఖ్స్’ అని ఒక మనిషిని నిలబెట్టి ‘మైఁ వో శఖ్స్ హూఁ జో ఇన్ బచ్చోఁ కో పాల్తా హై’ అంటే అప్పుడు ‘హై’కి చోటు దొరుకుతుంది. జరిగిపోయిన పని అయితే ‘జిస్ నే ఇన్ బచ్చోఁ కో పాలా’ అంటాం. అక్కడ ‘నే’ వచ్చి కూర్చోగానే ఫేల్ చేసినవాడిని చూడడం మానేస్తుంది, ఝగడాయే ఉండదు. ఇంగ్లీషులో ‘పెయిడ్’ సవాల్‌ని దాచినట్టే ఉర్దూలో ‘నే’ దాస్తుంది.

అరబీలో ఇది పాత బహెస్. ‘హూ’లాంటి మాటని అక్కడ ఇస్మె మౌసూల్ అంటారు, దాని వెనకాల వచ్చే జుమ్లాని సిలా అంటారు. సిలా లోపల ఇస్మె మౌసూల్ వైపు తిరిగి చూసే ఒక జమీర్ (సర్వనామం) ఉండాలి, దాని పేరు ఆయిద్. ‘అనల్లదీ’ అంటే ‘నేను ఎవణ్ణంటే’ అని మొదలుపెట్టాక, ఆ ఆయిద్ గాయిబ్‌ది కావాలా, ముతకల్లిమ్‌ది కావాలా? లఫ్జ్‌ని చూస్తే ‘అల్లదీ’ గాయిబ్. మానీ (అర్థం) చూస్తే అది నేనే. లఫ్జ్ ప్రకారం పోవచ్చు, మానీ ప్రకారమూ పోవచ్చు. హిజ్రీ 7లో ఖైబర్ దగ్గర హజ్రత్ అలీ (రజి.) మర్హబ్ ముందు నిలబడి చెప్పిన పంక్తులు సహీహ్ ముస్లింలో ఉన్నాయి. తన తల్లి తనకి పెట్టిన పేరు ఏమిటో ఆయన అందులో చెబుతారు. అక్కడ ‘అల్లదీ’ తర్వాత వచ్చే జమీర్ ‘అతనికి’ అని కాదు, ‘నాకు’ అని వస్తుంది. నహ్వ్ చదివే పిల్లలకి ఉస్తాద్‌లు ఈ విషయం దగ్గర ఆ పంక్తినే చూపిస్తారు. యుద్ధంలో ఎదురుగా నిలబడి ‘నేను’ అనే మనిషి మధ్యలో గాయిబ్‌గా మారడం బాగుండదు కదా.

అంటే ఇంగ్లీషు లఫ్జ్‌ని పట్టుకుంది. ఉర్దూ ఎక్కువగా మానీ వైపు మొగ్గింది. అరబీ రెండు తలుపులూ తెరిచి పెట్టింది. మరి తెలుగు?

తెలుగులో ‘హూ’ లేదు, ‘జో’ లేదు, ‘అల్లదీ’ లేదు. ‘సాదే మనిషి’ అంటాం. ‘సాదే నేను’, ‘సాదే నువ్వు’, ‘సాదే వాళ్లు’. ఆ ‘సాదే’ ఎవరి ముందు పెట్టినా మారదు. దానికి ముతకల్లిమ్, గాయిబ్ ఫర్క్ తెలియదు. ఇంగ్లీషువాడు బుర్ర గోక్కునే చోట తెలుగు హాయిగా దాటిపోతుంది.

కానీ తెలుగు ఆ ఫర్క్‌ని వదిలేయలేదు, ఇంకోచోట పెట్టింది. నామవాచకం చివర పెట్టింది. ‘వాడు పెద్దపల్లివాడు’ అంటాం. కానీ ‘నేను పెద్దపల్లివాణ్ణి’ అంటాం, ‘నువ్వు పెద్దపల్లివాడివి’ అంటాం, ‘మేము పెద్దపల్లివాళ్లం’ అంటాం. మన వైపు నోట్లో ‘పెద్దపల్లోణ్ణి’, ‘పెద్దపల్లోనివి’, ‘పెద్దపల్లోళ్లం’. ఆ చివర ‘ణ్ణి’, ‘వి’, ‘ళ్లం’ చేసే పని ‘యామ్’, ‘ఆర్’ చేసే పనే. తెలుగులో ‘యామ్’ వేరే మాట కాదు, మనిషి పేరుకి అంటుకున్న తోక. అలాగే ‘సాదే’కి ‘వాడు’ కలిపితే ‘సాదేవాడు’. నేను అయితే ‘సాదేవాణ్ణి’, ఆడవాళ్లయితే ‘సాదేదాన్ని’. మన దగ్గర ‘సాదేటోణ్ణి’, ‘సాదేటిదాన్ని’. సాదడం అంటే ఏమిటో మన వైపువాళ్లకి చెప్పనక్కర్లేదు. అన్నం పెట్టి, బట్ట కట్టి, చదివించి పెంచడం. పుస్తకాల తెలుగులో దానికి ‘పోషించడం’ అని రాస్తారు.

ఈ తోక దగ్గరే ఒక ఖతరా ఉంది. ‘సాదేవాణ్ణి’ అన్న మాటకి తెలుగులో రెండు మత్లబ్‌లు ఉన్నాయి. ఒకటి ‘సాదుతున్న మనిషిని నేను’. రెండోది ‘ఒకప్పుడు సాదుతూ ఉండేవాణ్ణి’. ‘చిన్నప్పుడు రోజూ బావికి పోయేవాణ్ణి’ అన్నప్పుడు ‘పోయే మనిషిని’ అని ఎవరూ అనుకోరు, అలవాటుగా పోయిన పాత రోజులే గుర్తొస్తాయి. ‘చేసే మనిషి’ అన్న మాటే తోకలతో సహా ‘చేస్తూ ఉండేవాడు’ అనే కాలంగా కూడా పనిచేస్తుంది. ఒకే మాట, ఇప్పటి మనిషినీ చెబుతుంది, అయిపోయిన అలవాటునీ చెబుతుంది. మాట్లాడేటప్పుడు గొంతు ఫర్క్ చూపిస్తుంది. కాగితానికి గొంతు లేదు.

మా బడే మామూ ఇంతెఖాల్ అయ్యాక ఆయన ఇద్దరు పిల్లల్ని చోటే మామూ తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. స్టేషన్ వైపు సైకిల్ రిపేరు దుకాణం ఆయనది. పెద్దపాప ఇంటర్‌లో చేరింది. ఫీజుకి సాయం చేసే ఒక సంస్థ ఉందని ఎవరో చెప్పారు. వాళ్లు అడిగిన కాగితాల్లో ఒకటి, ఇంట్లో సంపాదించే గార్డియన్ ఇంగ్లీషులో రాసిచ్చే డిక్లరేషన్. చోటే మామూకి ఇంగ్లీషు రాదు. టైపు సెంటర్‌కి పోయి తెలుగులో చెప్పాడు. ఆయన చెప్పిన మాట ఇది: “మా భాయీజాన్ పిల్లల్ని సాదేటోణ్ణి నేనే.”

టైపు చేసే అబ్బాయి ముందు దాన్ని శుభ్రమైన తెలుగులోకి మార్చాడు: ‘నేను మా అన్న పిల్లలను పోషించేవాణ్ణి.’ తర్వాత దాన్ని ఇంగ్లీషు చేశాడు: ‘ఐ యూజ్డ్ టు మెయింటెయిన్ మై బ్రదర్స్ చిల్డ్రన్.’ మామూ సంతకం పెట్టి పంపించాడు. నెల తర్వాత కాగితం వెనక్కి వచ్చింది, పక్కన ఒక ప్రశ్నతో: ఇంతకుముందు మీరు పోషించేవారని రాశారు, ఇప్పుడు ఎవరు పోషిస్తున్నారు?

మామూకి ముందు కోపం వచ్చింది, తర్వాత బాధేసింది. “నేనే సాదుతున్న అని చెప్తే, నేను వదిలేసిన అని రాసిండా బేటా?” అని నన్ను అడిగాడు. నేను రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ అబ్బాయికి ఇంగ్లీషు రాక కాదు. తన ముందున్న తెలుగు జుమ్లాకి అతను చేసిన తర్జుమా ఒక రకంగా సరైనదే. తప్పు ఇంగ్లీషు దాకా పోకముందే జరిగింది.

మామూ నోటి మాటలో రెండు గుర్తులు ఉన్నాయి. ‘నేను’ చివర్న ఉంది, దానికి ‘ఏ’ ఉంది: ‘సాదేటోణ్ణి నేనే’. తెలుగులో ‘నేను’ని ఫేల్ తర్వాతకి తోసి, దాని మీద బరువు పెడితే, ఆ జుమ్లా ‘ఎవరు?’ అన్న సవాల్‌కి జవాబ్ అవుతుంది. అక్కడ ‘సాదేటోణ్ణి’ అంటే ‘సాదే మనిషిని’ అనే తీసుకుంటాం. అదే ‘నేను’ని ముందుకి తెచ్చి ‘ఏ’ తీసేస్తే, జుమ్లా ‘ఏం చేసేవాడివి?’ అన్న సవాల్‌కి జవాబ్‌లా చదువుతారు. పాత అలవాటు గుర్తొస్తుంది. టైపు అబ్బాయి మాటల్ని శుభ్రం చేద్దామని ఆ రెండు గుర్తుల్నీ చెరిపేశాడు. మిగిలింది ‘యూజ్డ్ టు’.

దీన్ని పట్టుకునే పరీక్ష తేలిక. జుమ్లా ముందు ‘ఒకప్పుడు’ అని పెట్టి చదవండి. ‘ఒకప్పుడు నేను మా అన్న పిల్లలను పోషించేవాణ్ణి’ అన్నది అడ్డు లేకుండా సాగిపోతుంది. అంటే ఆ జుమ్లాకి పాత మత్లబ్ కూడా ఉంది, చదివేవాడు దాన్నే పట్టుకోవచ్చు. అనుమానం లేకుండా రాయాలంటే ‘పోషిస్తున్నది నేనే’ అనాలి. ‘పోషిస్తున్న’లో ఇప్పటి కాలం ఉంది, ‘ఒకప్పుడు’ అక్కడ ఇమడదు. పైగా ‘ది’ అన్న ముగింపుకి తోకల గొడవ లేదు: పోషిస్తున్నది నేను, పోషిస్తున్నది నువ్వు, పోషిస్తున్నది వాళ్లు. ఎవరైనా ‘ది’ మారదు. ముతకల్లిమ్, గాయిబ్ ఝగడా పూర్తిగా మాయమయ్యే చోటు తెలుగులో ఇదే.

అయితే ‘పోషిస్తున్నది’ బదులు ‘పోషించేది’ అని రాసినప్పుడు ఆడవాళ్ల విషయంలో జాగ్రత్త కావాలి. ‘ముమానీ పోషించేది’ అంటే ‘ముమానీ ఒకప్పుడు పోషించేది’ అని. ‘పోషించేది ముమానీ’ అంటే ‘పోషించే మనిషి ముమానీ’ అని. మాటలు రెండే, అటుదిటు అయితే మనిషి ఇప్పటి నుంచి అప్పటికి వెళ్లిపోతుంది. భర్త పోయిన ఆడవాళ్లు ఇచ్చే దరఖాస్తుల్లో ఇలాంటి జుమ్లా ఉంటే ఒకటికి రెండుసార్లు చూడండి.

తెలుగు సరిచేశాక ఇంగ్లీషు మిగిలింది. ‘ఐ యామ్ ద వన్ హూ’ దాకా రాశాం. మామూ కూతురు తొమ్మిదో తరగతి. “అబ్బా, ఇక్కడ ‘మెయింటెయిన్’ రావాలె. ‘ఐ’కి ‘ఎస్’ పెట్టొద్దని మా టీచర్ చెప్పింది” అంది. ఆ టీచర్ చెప్పింది నిజమే. ‘ఐ’కి ఎస్ ఉండదు. కానీ ఈ ఫేల్ ‘ఐ’ది కాదు, ‘ద వన్’ది. పాపతో జుమ్లా తిరగేయించాను. “ద వన్ హూ...” అని ఆగి, “మెయింటెయిన్స్” అని తనే అంది. పెద్దపాపకి అదీ చాలలేదు. ఇంటర్ చదువుతోంది కదా, ఇంకో మెలిక పెట్టింది: “బాజీ, మరి ‘ఐ యామ్ వన్ ఆఫ్ దోజ్ హూ’ అంటే?”

మంచి సవాల్. అక్కడ ‘హూ’ పట్టుకున్నది ‘వన్’ని కాదు, ‘దోజ్’ని. ‘ఆ మనుషుల్లో నేనొకణ్ణి’ అని కదా మత్లబ్. ఆ మనుషులు చాలామంది. కాబట్టి గాయిబే, కానీ జమా (బహువచనం): ‘వన్ ఆఫ్ దోజ్ హూ మెయింటెయిన్’. ఎస్ పోయింది. కానీ ‘ఐ’ వల్ల పోలేదు, ‘దోజ్’ వల్ల పోయింది. మాటల్లో చాలామంది ఇక్కడ కూడా ‘మెయింటెయిన్స్’ అనేస్తారు. పరీక్షలో, కాగితంలో ‘హూ’ ఎవరి చేయి పట్టుకుందో చూసి రాయడమే సేఫ్.

చివరికి మామూ డిక్లరేషన్‌లో ఆ జుమ్లా పెట్టలేదు. ‘ఐ మెయింటెయిన్ మై లేట్ బ్రదర్స్ టూ చిల్డ్రన్ అండ్ పే దెయిర్ ఫీజ్’ అని రాశాం. సాయం ఇచ్చేవాడు అడిగింది ఎవరు, ఇప్పుడా కాదా అన్న రెండే. ఈ జుమ్లాలో ‘ఐ’ ఎవరో చెబుతుంది, ‘మెయింటెయిన్’ ఇప్పుడే అని చెబుతుంది. ‘ద వన్ హూ’ అన్నది వేరేవాళ్లు ఎవరో పోషిస్తున్నారని ఎదుటివాడు అనుకున్నప్పుడు, కాదు నేనే అని తేల్చడానికి పనికొస్తుంది. ఉట్టి సమాచారం చెప్పేచోట అది లేకపోతేనే మేలు. ఆ ప్రశ్న రాసిన కాగితానికి జవాబ్‌గా పైన ఒక ఉత్తరం జతచేశాం. అందులో మాత్రం ‘ఐ యామ్ ద వన్ హూ మెయింటెయిన్స్ దెమ్ నౌ’ అని ఉంది. ఎందుకంటే అక్కడ వాళ్లు ‘ఎవరు?’ అని అడిగారు. చివర ‘నౌ’ కూడా మామూనే పెట్టించాడు. “ఇప్పుడు అని గట్టిగ రాయి బేటా” అన్నాడు.

మన దఖనీ గురించి ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం అధూరాగా ఉంటుంది. పుస్తకాల ఉర్దూలో ‘జో ఆద్మీ ఆయా’ అంటారు. మన ఇళ్లలో ‘ఆయా సో ఆద్మీ’ అంటాం. ‘వచ్చిన మనిషి’ అన్న తెలుగు అచ్చులో పోసినట్టు ఉంటుంది. ‘జో’ పోయింది, ఫేల్ మనిషి ముందుకి వచ్చి కూర్చుంది, మధ్యలో ‘సో’ కలిపింది. తెలుగు, కన్నడ, మరాఠీ మాట్లాడేవాళ్ల పక్కన వందల ఏళ్లు బతికిన జుబాన్ ఇది. మా నానీమా ‘పాలా సో మైఇచ్’ అనేది. ‘సాదింది నేనే’ అని తెలుగులో అన్నట్టే. ఆ ‘ఇచ్’ తెలుగు ‘ఏ’ చేసే పనే చేస్తుంది. అందులో ‘హూఁ’ లేదు, ‘హై’ లేదు. ముతకల్లిమా గాయిబా అని అడగడానికి ఫేల్ చేతికి దొరకదు. దీన్ని బిగ్డీ హుయీ ఉర్దూ అని ఎగతాళి చేసేవాళ్లు ఉన్నారు. కానీ లఖ్నవీ ఉర్దూ ‘హూఁ’, ‘హై’ల మధ్య ఊగే చోట, అరబీ నహ్వీలు రెండు దారులు చూపించే చోట, మన నానీమా జుమ్లా ఆగకుండా నడిచిపోయింది.

కాగితాలు రాసేటప్పుడు అదే మనకి సాయం కూడా. చెప్పేవాళ్లు దఖనీలో ‘పాల్తా సో మైఇచ్’ అన్నారంటే, తెలుగులో ‘సాదేటోణ్ణి నేనే’ అన్నారంటే, వాళ్ల మత్లబ్ ‘ఎవరు’ అన్నదాని మీద ఉంది. ఆ ‘ఇచ్’ని, ఆ ‘ఏ’ని తర్జుమాలో పోనివ్వకండి. ‘నేను’ని ముందుకి జరిపి ‘మంచి తెలుగు’ చేయకండి. రాసినవాళ్లని చదివి వినిపించమనండి, మధ్యలో ‘ఒకప్పుడు’ పెట్టి చదవమనండి. ఇంగ్లీషు కాగితంలో ‘యూజ్డ్ టు’ అనో ‘వజ్’ అనో కనిపిస్తే, అది తమ మాటేనా అని సంతకం పెట్టేవాళ్లు అడగాలి. ఇంగ్లీషు రాకపోయినా ఆ ఒక్క సవాల్ అడగొచ్చు: ఇది ఇప్పటి సంగతా, అయిపోయిన సంగతా?

బడే మామూ ఈ పిల్లల్ని సాదేటోడు. ఇప్పుడు వీళ్లని సాదేటోడు చోటే మామూ. రెండు జుమ్లాల్లో మాట ఒకటే. ఒకచోట మనిషి ముందున్నాడు, ఒకచోట వెనకున్నాడు. పెద్దపల్లిలో పుట్టిన పిల్లవాడికెవరికైనా ఈ ఇద్దరిలో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో విన్న వెంటనే తెలుస్తుంది. ఇంగ్లీషు కాగితంలో అది తెలియాలంటే, రాసేవాడు ఆ ఫర్క్‌ని తన చేత్తో రాయాలి.